మెయిలూ, దాని జతలూ ఒకే పీడీఎఫ్‌లో

ఆఫీసుకు వచ్చే ఉత్తరాల్లో ఇప్పుడు ఎక్కువ భాగం మెయిళ్లే. కాగితం మీద వచ్చిన ఉత్తరానికి తపాలు రిజిస్టరులో ఇన్‌వార్డు నంబరు వేసి, తేదీ ముద్ర కొట్టి, జతపరచిన పత్రాలతో సహా కరెంటు ఫైలులో కుట్టేస్తారు. మెయిల్ విషయానికి వచ్చేసరికి చాలాచోట్ల జరిగేది వేరు. మెయిల్ తెరిచి ప్రింట్ కొట్టి, ఆ కాగితాన్ని ఫైలులో పెడతారు. లేదా పీడీఎఫ్‌గా సేవ్ చేసి ఏదో ఒక ఫోల్డరులో వేస్తారు. రెండేళ్ల తర్వాత ఆడిట్ పార్టీ వచ్చి ‘కొటేషన్ ఎక్కడ?’ అని అడిగితే ఆ పీడీఎఫ్‌లో కనిపించేది మెయిల్ రాసిన నాలుగు వాక్యాలు, అడుగున అటాచ్‌మెంటు పేరు, దాని సైజు. అసలు కొటేషన్ అందులో ఉండదు.

ఇది క్లర్కు నిర్లక్ష్యం కాదు. ప్రింట్ అనే ఆజ్ఞ పనిచేసే తీరే అది. ఎందుకో తెలియాలంటే మెయిల్ లోపల ఏముంటుందో కాస్త చూడాలి.

మెయిల్ వ్యవస్థ పుట్టినప్పుడు మోయగలిగింది ఒట్టి అక్షరాలనే. ఫోటోలు, పత్రాలు మోయడానికి 1992లో మైమ్ అనే ప్రమాణం వచ్చింది. దాని రూపకర్తల్లో ఒకరైన నథానియల్ బోరెన్‌స్టైన్ ఆ ఏడాది మార్చిలో పంపిన మెయిల్‌ను తొలి మైమ్ అటాచ్‌మెంటుగా చెప్పుకుంటారు. తాను పాడే పాటల బృందం ఫోటోను ఆయన దానికి జతచేశారు. ఆ పద్ధతే నేటికీ నడుస్తోంది. మనం జతచేసిన ప్రతి ఫైలునూ మెయిల్ ప్రోగ్రాం పొడవాటి అక్షరాల వరుసగా మార్చి, ఉత్తరం పాఠం కింద ఒక్కొక్క భాగంగా అతికిస్తుంది. అలా మార్చినప్పుడు ఫైలు సైజు మూడింట ఒక వంతు పెరుగుతుంది కూడా. అంటే మెయిల్ నిజానికి ఒకే ఫైలు. పైన చిరునామాలు, తేదీలు ఉన్న హెడర్, దాని కింద ఉత్తరం పాఠం, ఆ కింద ఒకదాని తర్వాత ఒకటి జతలు. మనం ప్రింట్ నొక్కినప్పుడు బ్రౌజరు తెర మీద ఉన్న ఉత్తరం పాఠాన్ని మాత్రమే కాగితంగా గీస్తుంది. వర్డ్ ఫైలునో ఎక్సెల్ ఫైలునో తెరిచి పేజీలుగా మార్చడం దాని పని కాదు. అందుకే పేర్లు వస్తాయి, పత్రాలు రావు.

కాబట్టి మెయిల్‌నూ జతలనూ ఒకే పీడీఎఫ్‌గా చెయ్యాలంటే జతలను మనమే ఒక్కొక్కటిగా పేజీల్లోకి మార్చి, మెయిల్ పేజీల వెనక చేర్చాలి. ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక డిగ్రీ కళాశాల 20 కంప్యూటర్లు కొనడానికి కొటేషన్లు పిలిచిందనుకుందాం. గడువు 2025 జూన్ 12, సాయంత్రం 5 గంటలు. ఒక సరఫరాదారు మెయిల్ ఆ రోజు 4 గంటల 52 నిమిషాలకు చేరింది. మెయిల్‌లో రెండు పేరాల ఉత్తరం ఉంది. ‘ఈ ధరలు 60 రోజుల వరకే చెల్లుతాయి’ అన్న షరతు ఆ ఉత్తరంలోనే ఉంది, కొటేషన్‌లో లేదు. జతలు నాలుగు. తెలుగులో రాసిన వర్డ్ లేఖ, డిజిటల్ సంతకంతో ఉన్న కొటేషన్ పీడీఎఫ్, ధరల ఎక్సెల్ షీటు, జీఎస్టీ సర్టిఫికెట్‌ను ఫోనుతో తీసిన ఫోటో.

ముందు మెయిల్ సంగతి. జీమెయిల్‌లో అయితే ఆ ఉత్తరానికి కుడివైపున ఉండే మూడు చుక్కల మీద నొక్కి Print ఎంచుకోవాలి. పేజీ పైభాగంలో ఉండే ప్రింటరు బొమ్మ నొక్కితే ఆ సంభాషణలో ఉన్న ఉత్తరాలన్నీ కలిసి వస్తాయి. రికార్డుకు మనకు కావలసింది ఈ ఒక్క ఉత్తరమా, మొత్తం ఉత్తర ప్రత్యుత్తరాలా అన్నది ముందే తేల్చుకోవాలి. ప్రింట్ పెట్టె తెరుచుకున్నాక Destination దగ్గర Save as PDF ఎంచుకుంటే పీడీఎఫ్ తయారు. మొత్తం సంభాషణను ప్రింట్ చేస్తే పాత ఉత్తరాల నకళ్లను జీమెయిల్ దాచేసి, ఆ చోట [Quoted text hidden] అని వేస్తుంది. సాధారణంగా నష్టమేమీ లేదు, ఎందుకంటే ఆ పాత ఉత్తరాలు పైన ఎలాగూ ఉంటాయి. కానీ ఎవరైనా పాత ఉత్తరం మధ్యలోనే ఎర్రరంగుతో జవాబులు రాసి పంపితే ఆ జవాబులు కూడా దాగిపోయే ప్రమాదం ఉంది. అలాంటి ఉత్తరాన్ని విడిగా ప్రింట్ చెయ్యడమే మేలు. మరీ పొడవైన ఉత్తరాన్ని జీమెయిల్ తెర మీద సగంలో ఆపి [Message clipped] అని చూపిస్తుంది. అప్పుడు View entire message నొక్కి పూర్తి పాఠం తెచ్చుకుని దాన్ని ప్రింట్ చెయ్యాలి.

ఇలా వచ్చిన పీడీఎఫ్ అడుగున జతల పేర్లు, సైజులు ఉంటాయి. వాటిని చివర్లో సరిచూసుకోవడానికి వాడుకోవచ్చు. మన ఉదాహరణలో మెయిల్ రెండు పేజీలు వచ్చింది.

కంప్యూటర్లో పాత పద్ధతి అవుట్‌లుక్ వాడేవాళ్లకు ప్రింట్ ఆప్షన్లలో Print attached files అనే గడి కనిపిస్తుంది. దాన్ని టిక్ చేస్తే పని అయిపోతుందని అనిపిస్తుంది. అయితే జతలు డిఫాల్ట్ ప్రింటరుకే వెళ్తాయని అక్కడే రాసి ఉంటుంది. డిఫాల్ట్‌గా Microsoft Print to PDF పెట్టుకున్నా ఒక్కొక్క జతా విడి పీడీఎఫ్‌గా వస్తుంది, ప్రతిదానికీ పేరు అడుగుతుంది. ఒకే ఫైలు మాత్రం రాదు. పైగా మనం చూడకుండానే ఎక్సెల్ తనకు తోచినట్టు పేజీలు కోసేస్తుంది. నా మటుకు నాకు జతలను ఒక్కొక్కటిగా సేవ్ చేసి, తెరిచి చూసి మార్చుకోవడమే నమ్మకమైన దారి అనిపిస్తుంది. కాస్త ఆలస్యమైనా ఏం చేరిందో, ఏం చేరలేదో కళ్లారా చూస్తాం.

ఇక నాలుగు జతల్లో ఒక్కొక్కదానికి ఒక్కో చిక్కు ఉంది.

తెలుగు వర్డ్ లేఖ తెరవగానే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపించవచ్చు. పంపినవాళ్లు అనూ ఫాంట్లలో టైపు చేశారన్నమాట. డీటీపీ సెంటర్లలో టైపు చేయించిన లేఖలు ఇప్పటికీ ఇలా వస్తూనే ఉంటాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను పెట్టి నడిపించే ఏర్పాటు అది. మన కంప్యూటర్లో ఆ ఫాంట్ లేకపోతే అడుగున ఉన్న ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. ఆ స్థితిలో పీడీఎఫ్ చేస్తే ఆ గందరగోళమే శాశ్వతంగా రికార్డుకు ఎక్కుతుంది. ఫాంట్ ఉన్న కంప్యూటర్లో మార్చాలి, లేదా పంపినవాళ్లనే పీడీఎఫ్ చేసి పంపమని అడగాలి. ఫాంట్ ఉన్నచోట చేసిన పీడీఎఫ్‌లో అక్షర రూపాలు ఫైలులోనే ఇమిడిపోతాయి కాబట్టి తర్వాత ఎక్కడ తెరిచినా చదవడానికి వస్తుంది. అయితే అందులో తెలుగు మాట వెతికితే దొరకదు, ఎందుకంటే కంప్యూటరు దృష్టిలో అవి ఇంకా ఇంగ్లీషు అక్షరాలే. యూనికోడ్‌లో టైపు చేసిన లేఖకు ఈ బాధ ఉండదు.

వర్డ్‌తో ఇంకో సంగతి. లేఖ పైన ఉన్న తేదీని కొందరు చేత్తో టైపు చెయ్యరు, తనంతట తాను మారే తేదీగా పెడతారు. మనం జూలైలో తెరిచి పీడీఎఫ్ చేస్తే లేఖ మీద జూలై తేదీ పడుతుంది. ఎక్సెల్‌లో TODAY() అనే ఫార్ములా కూడా ఇదే పని చేస్తుంది. మెయిల్ తేదీకీ, జతలో కనిపించే తేదీకీ పొంతన లేకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. మెయిల్ వచ్చిన రోజే మార్చేస్తే ఈ తకరారు చాలావరకు రాదు.

ఎక్సెల్ షీటు దగ్గర ఎక్కువసేపు ఆగాలి. రికార్డుల్లో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఎక్సెల్‌కు పేజీ అనేదే సహజంగా లేదు. అడ్డంగా పన్నెండు కాలమ్‌లు ఉన్న షీటును అలాగే ప్రింట్ చేస్తే ఏడెనిమిది కాలమ్‌లు ఒక పేజీలో, మిగిలినవి ఎక్కడో ఐదో పేజీలో పడతాయి. వస్తువు పేరు ఒకచోట, ధర ఒకచోట. చదివేవాడికి ఏది దేనికో తెలియదు. ప్రింట్ సెట్టింగుల్లో Landscape పెట్టి, Fit All Columns on One Page ఎంచుకుంటే వరుసలు విరగవు. రెండోది, ఎక్సెల్ మామూలుగా Print Active Sheets మీద ఉంటుంది. అంటే మనం చూస్తున్న షీటు ఒక్కటే ప్రింటవుతుంది. మన ఉదాహరణలో మొదటి షీటులో ధరలు, రెండో షీటులో వారంటీ వివరాలు ఉన్నాయి. అడుగున ఉన్న రెండో ట్యాబు గమనించకపోతే వారంటీ రికార్డులోకి రాదు. Print Entire Workbook ఎంచుకోవాలి. మూడోది, కాలమ్ ఇరుకైతే అంకె బదులు ##### గుర్తులు పడతాయి. ఎక్సెల్‌లో కాలమ్ వెడల్పు చేస్తే అంకె కనిపిస్తుంది. పీడీఎఫ్ అయిపోయాక ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఇవన్నీ సరిచేసినా ఒక లోటు మిగులుతుంది. పీడీఎఫ్‌లోకి వచ్చేది అంకెలు మాత్రమే. జీఎస్టీ ఎంత శాతం మీద లెక్కగట్టారు, మొత్తంలో ఏ వరుసలు కలిశాయి అన్నది చెప్పే ఫార్ములాలు రావు. దాచిపెట్టిన కాలమ్‌లూ రావు. రేపు లెక్క తేడా అని వివాదం వస్తే ఆ ఎక్సెల్ ఫైలే కావాలి, దాని బొమ్మ పనికిరాదు.

డిజిటల్ సంతకం ఉన్న కొటేషన్‌కు కూడా ఇదే వర్తిస్తుంది, ఇంకా గట్టిగా. ఆ సంతకం పేజీ మీద కనిపించే బొమ్మ కాదు. ఫైలులోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని చేసిన ముద్ర. అడోబీ రీడరులో తెరిచినప్పుడు సంతకం ఎవరిదో, సంతకం చేశాక ఫైలు మారిందో లేదో చెప్పేది ఆ ముద్రే. ఆ పీడీఎఫ్‌ను మరో పీడీఎఫ్‌తో కలిపినా, మళ్లీ ప్రింట్ చేసి పీడీఎఫ్‌గా తీసినా ఫైలు మారిపోతుంది. సంతకం బొమ్మ అక్కడే ఉంటుంది, దాని బలం పోతుంది. కలిపిన పీడీఎఫ్‌లో అది చెల్లుతుందనుకోవడం పొరపాటు. పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్‌లదీ ఇదే దారి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఈ-ఆధార్ లాంటివి పాస్‌వర్డుతో వస్తాయి. పాస్‌వర్డు తెలియకుండా అవి కలవవు. పాస్‌వర్డు ఇచ్చి తెరిచి, ప్రింట్ పెట్టె ద్వారా కొత్త పీడీఎఫ్ తీస్తే కలుస్తాయి గానీ, వాటిలో సంతకం ఉంటే అది అక్కడితో పోతుంది.

నాలుగోది ఫోటో. విండోస్‌లో ఫోటో మీద కుడి క్లిక్ చేసి ప్రింట్ ఎంచుకుంటే వచ్చే పెట్టెలో Fit picture to frame అనే గడి మామూలుగా టిక్ చేసే ఉంటుంది. పేజీ నిండేలా ఫోటోను పెంచడం దాని పని. ఆ పెంచడంలో అంచులు తెగిపోతాయి. సర్టిఫికెట్ పై అంచులో నంబరు, కింది అంచులో తేదీ ఉంటే అవి పోతాయి. ఆ టిక్ తీసెయ్యాలి. ఐఫోనుతో తీసిన ఫోటోలు .heic రూపంలో వస్తే కొన్ని కంప్యూటర్లలో తెరుచుకోవు. అలాంటప్పుడు జేపీజీగా మార్చి పంపమని అడగడం తేలిక.

జతలుగా కనిపిస్తూ జతలు కానివి కూడా ఉంటాయి. జీమెయిల్‌లో 25 ఎంబీకి మించిన ఫైలును జతచేయబోతే అది గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లి, మెయిల్‌లో దాని లింకు మాత్రమే మిగులుతుంది. ఆఫీసుల్లో వన్‌డ్రైవ్ లింకులూ ఇలాగే వస్తాయి. చూడ్డానికి అటాచ్‌మెంటులానే ఉంటాయి. కానీ ఫైలు మనకు చేరలేదు, పంపినవాళ్ల దగ్గరే ఉంది. రేపు వాళ్లు దాన్ని మార్చవచ్చు, తీసెయ్యవచ్చు, మనకిచ్చిన అనుమతి రద్దు చెయ్యవచ్చు. పీడీఎఫ్‌లో మిగిలేది ఎక్కడికీ వెళ్లని నీలిరంగు అక్షరాలు. అలాంటి ఫైలును వచ్చిన రోజే డౌన్‌లోడ్ చేసి, ‘లింకు ద్వారా వచ్చినది, ఫలానా తేదీన దించుకున్నది’ అని నోటు ఫైలులో ఒక వాక్యం రాయాలి.

ఇప్పుడు మన దగ్గర ఐదు పీడీఎఫ్‌లు ఉన్నాయి. మెయిల్ రెండు పేజీలు, లేఖ ఒకటి, కొటేషన్ నాలుగు, ధరల షీట్లు మూడు, సర్టిఫికెట్ ఒకటి. మొత్తం పదకొండు. వీటికి వరుస అంకెలతో పేర్లు పెట్టి, మెయిల్ ముందు, జతలు మెయిల్‌లో ఉన్న వరుసలోనే వెనక కలపాలి. అడోబీ అక్రోబాట్ కొనుక్కున్న ఆఫీసుల్లో Combine Files ఉంటుంది. డబ్బు పెట్టక్కర్లేకుండా సొంత కంప్యూటర్లోనే పనిచేసేది PDFsam Basic. Merge తెరిచి, ఫైళ్లను అందులోకి లాగి, వరుస సరిచూసి, Run నొక్కితే చాలు. మాక్ కంప్యూటర్లలో ప్రివ్యూతోనే ఈ పని అవుతుంది.

ఇంటర్నెట్‌లో ‘పీడీఎఫ్ మెర్జ్’ అని వెతికితే ఉచితంగా కలిపిపెట్టే సైట్లు బోలెడు కనిపిస్తాయి. ఆఫీసు పత్రాలకు వాటిని వాడకూడదనే నేను గట్టిగా చెబుతాను. ఆ సైటులో ఫైలు ఎక్కించడమంటే గడువు ముగియని కొటేషన్‌నో, ఉద్యోగి ఆధార్‌నో, రోగి రిపోర్టునో ఎవరిదో తెలియని సర్వరుకు పంపడమే. సొంత కంప్యూటర్లో పదినిమిషాల్లో అయ్యే పనికి ఆ అవసరం లేదు.

ఇక్కడిదాకా చేస్తే ‘ఒకే పీడీఎఫ్’ వచ్చింది. చదవడానికి బాగుంటుంది, ఈ-ఆఫీసులో కరస్పాండెన్సుగా ఎక్కించడానికి సరిపోతుంది. అయినా ఇది రికార్డులో సగమే. ఫార్ములాలు పోయాయి, సంతకం బలం పోయింది. వాటికంటే ముఖ్యమైనది ఇంకొకటి పోయింది. మెయిల్ ఎప్పుడు చేరిందన్న రుజువు.

ప్రింట్ చేసిన మెయిల్ మీద Thu, Jun 12, 2025 at 4:52 PM అని ఉంది. ఎక్కడి సమయం అది? మెయిల్ చూస్తున్న ఖాతా లేదా కంప్యూటరు ఏ దేశపు గడియారం మీద ఉంటే ఆ సమయం. హైదరాబాదులో తెరిచి ప్రింట్ చేస్తే 12వ తేదీ సాయంత్రం. అదే మెయిల్ డాలస్‌లో ఉన్న ట్రస్టు సభ్యుడికి కూడా వెళ్లి ఆయన ప్రింట్ చేస్తే అదే తేదీ ఉదయం 6 గంటల 22 నిమిషాలు. మన అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున వెళ్లిన మెయిళ్లకైతే తేదీ కూడా మారిపోతుంది. అక్కడున్న మనవాళ్లు సభ్యులుగా ఉండే ట్రస్టుల్లో, సంఘాల్లో ఒకే మెయిల్‌కు రెండు తేదీలున్న రెండు ప్రింట్లు ఫైలులో చేరడం అరుదేమీ కాదు. రెండూ నిజమే. కానీ ఏ గడియారమో ఏ ప్రింట్ మీదా రాసి ఉండదు.

మెయిల్ హెడర్‌లో మాత్రం అది రాసి ఉంటుంది. జీమెయిల్‌లో మూడు చుక్కల కింద Show original నొక్కితే కనిపించేది అదే. మన ఉదాహరణలో అందులో ఇలాంటి రెండు వరుసలు ఉంటాయి.

```
Date: Thu, 12 Jun 2025 16:52:10 +0530
Received: ... Thu, 12 Jun 2025 04:22:14 -0700 (PDT)
```

మొదటి వరుస పంపినవాళ్ల వైపు నుంచి వచ్చింది. వాళ్ల కంప్యూటర్లో గడియారం తప్పుగా ఉంటే ఇదీ తప్పుతుంది. Received అన్నది దారిలో ప్రతి సర్వరూ వేసుకుంటూ వచ్చే తపాలా ముద్ర. అందరికంటే పైన ఉండేది చివరి సర్వరు, అంటే మన వైపు సర్వరు వేసింది. గూగుల్ సర్వర్లు అమెరికా పశ్చిమ తీరపు సమయంలో వేస్తాయి కాబట్టి తెల్లవారుజామున 4 గంటల 22 నిమిషాలు అని ఉంది. వేసవిలో మనకూ వాళ్లకూ తేడా పన్నెండున్నర గంటలు. కలిపితే మన సాయంత్రం 4 గంటల 52 నిమిషాలే. గడువు 5 గంటలు అయినప్పుడు, ఓడిపోయిన ఇంకో సరఫరాదారు ‘ఆ కొటేషన్ ఆలస్యంగా వచ్చింది’ అని ఫిర్యాదు చేసినప్పుడు, జవాబు చెప్పగలిగేది ఈ వరుస ఒక్కటే. అది ప్రింట్‌లో రాదు.

చట్టం అడిగేదీ ఇదే. 2000 నాటి ఐటీ చట్టంలో ఏడో సెక్షను ఎలక్ట్రానిక్ రికార్డులను ఎలా దాచాలో చెబుతుంది. తర్వాత తీసి చూసుకోవడానికి వీలుగా ఉండాలి. పుట్టిన రూపంలోనో, దాన్ని యథాతథంగా చూపగలిగే రూపంలోనో ఉండాలి. ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లింది, ఏ తేదీన ఏ సమయానికి వెళ్లింది లేదా అందింది అని గుర్తించే వివరాలు అందులో ఉండాలి. మొదటి షరతు మన పీడీఎఫ్ తీరుస్తుంది. మిగిలిన రెండూ తీరాలంటే మెయిల్ అసలు రూపం కావాలి.

ఆ అసలు రూపాన్ని దించుకోవడం తేలికే. జీమెయిల్‌లో అదే మూడు చుక్కల కింద Download message ఉంటుంది. నొక్కితే .eml అనే ఫైలు వస్తుంది. పాత అవుట్‌లుక్‌లో Save As ఎంచుకుంటే .msg వస్తుంది. మొదట్లో చెప్పినట్టు మెయిల్ అంటే ఒకే ఫైలు కదా, ఆ ఫైలు ఇదే. హెడర్, పాఠం, నాలుగు జతలూ అన్నీ పుట్టిన రూపంలో అందులోనే ఉంటాయి. ఎక్సెల్ ఫార్ములాలతో ఉంటుంది, కొటేషన్ సంతకం చెల్లుబాటుతో ఉంటుంది. ఇక్కడొక జాగ్రత్త ఉంది. మెయిల్ చేరిన ఖాతా నుంచే దీన్ని దించుకోవాలి. ప్రిన్సిపాల్‌కు వచ్చిన మెయిల్‌ను ఆయన మామూలుగా ఫార్వర్డ్ చేస్తే సూపరింటెండెంటు దగ్గరకు వచ్చేది కొత్త మెయిల్, దాని హెడర్ కొత్తది. ఫార్వర్డ్ చెయ్యక తప్పకపోతే Forward as attachment వాడాలి. అప్పుడు అసలు మెయిల్ .eml రూపంలో చెక్కుచెదరకుండా వస్తుంది.

ఈ .eml ఫైలును పీడీఎఫ్ పక్కన అదే ఫోల్డరులో ఉంచవచ్చు. కాలం గడిచేకొద్దీ రెండూ విడిపోవడం మామూలే. ఒకటి పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తుంది, ఒకటి పాత కంప్యూటర్లో ఉండిపోతుంది. అందుకే పీడీఎఫ్‌కు ఉన్న ఒక గుణాన్ని వాడుకోవాలంటాను. పీడీఎఫ్ తన లోపల వేరే ఫైళ్లను అలాగే, ఒక్క బైటు మారకుండా దాచుకోగలదు. పేజీలుగా కనిపించవు, తీసుకుంటే బయటకు వస్తాయి. 2012లో వచ్చిన పీడీఎఫ్/ఏ-3 అనే ప్రమాణం, దీర్ఘకాలం దాచే పీడీఎఫ్‌లలో కూడా ఏ రకం ఫైలునైనా ఇలా పెట్టుకోవడానికి అనుమతిచ్చింది. కాబట్టి పదకొండు పేజీల పీడీఎఫ్ కడుపులో .eml పెట్టేస్తే నిజంగా ఒకే ఫైలు అవుతుంది. చదివేవాళ్లకు పేజీలు, పరీక్షించేవాళ్లకు అసలు.

అక్రోబాట్‌లో ఇది మెనూ ద్వారా చెయ్యవచ్చు. ఉచితంగా అయితే qpdf అనే చిన్న ప్రోగ్రాం ఉంది. ఆఫీసులో కంప్యూటర్లు చూసే అబ్బాయి ఒక్కసారి పెట్టిస్తే చాలు, తర్వాత ఎవరైనా వాడుకోవచ్చు. కలపడం, లోపల పెట్టడం, పెట్టింది ఉందో లేదో చూడడం, మూడూ మూడు వరుసల్లో అవుతాయి.

```
qpdf --empty --pages 1.pdf 2.pdf 3.pdf 4.pdf 5.pdf -- all.pdf
qpdf all.pdf --add-attachment mail.eml -- record.pdf
qpdf --list-attachments record.pdf
```

అడోబీ రీడరులో తెరిస్తే పక్కన పేపర్ క్లిప్ గుర్తు కింద mail.eml కనిపిస్తుంది. ఫోన్లలోని చాలా వ్యూయర్లు లోపలి ఫైళ్లను చూపవు. అందుకని ‘అసలు మెయిల్ ఈ పీడీఎఫ్ లోపల ఉంది’ అని నోటు ఫైలులో రాసిపెట్టాలి. జిప్ చేసి మాత్రం పెట్టవద్దు, అడోబీ రీడరు భద్రత కోసం జిప్ ఫైళ్లను తెరవనివ్వదు. ఇలా లోపల ఫైలున్న పీడీఎఫ్‌ను మళ్లీ ఎవరైనా ప్రింట్ చేసి పీడీఎఫ్‌గా తీస్తే లోపలిది మొత్తం పోతుంది. సైజు ఒక్కసారిగా తగ్గిపోయి కనిపిస్తే జరిగింది అదే.

కోర్టు దాకా వెళ్లే అవకాశమున్న పత్రాలకు ఇంకో పని మిగులుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్ నమూనాలో ఫైలు హ్యాష్ విలువ రాయడానికి చోటుంది. హ్యాష్ అంటే ఫైలు మొత్తాన్ని లెక్కించి తీసిన ఒక గుర్తింపు వరుస. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లో దానికి వేరే ప్రోగ్రాం అక్కర్లేదు.

```
certutil -hashfile mail.eml SHA256
```

అరవై నాలుగు అక్షరాల వరుస వస్తుంది. మెయిల్ దించుకున్న రోజే దాన్ని నోటు ఫైలులోకి ఎక్కిస్తే, ఐదేళ్ల తర్వాత మళ్లీ లెక్కించి రెండూ ఒకటేనని చూపించవచ్చు. వివాదం మొదలయ్యాక తీసిన హ్యాష్‌తో అంతకుముందు ఫైలు మారలేదని చూపించలేం.

ఇక సరిచూసుకోవడం. పీడీఎఫ్‌ను తయారుచేసిన కంప్యూటర్లో కాకుండా పక్క సీటు కంప్యూటర్లో తెరవాలి. ఫాంట్ల తేడాలు అక్కడే బయటపడతాయి. మెయిల్ పేజీ అడుగున ఉన్న నాలుగు పేర్లనూ వెనక ఉన్న పేజీలతో ఒక్కొక్కటిగా పోల్చాలి, పదకొండు పేజీలూ తిరగేసి చూడాలి. లోపలి .eml ఫైలును బయటకు తీసి, దాన్ని థండర్‌బర్డ్ లాంటి మెయిల్ ప్రోగ్రాంలో తెరిచి, నాలుగు జతలూ తెరుచుకుంటున్నాయో చూడాలి. ఫైలు పేరులో ఇన్‌వార్డు నంబరు, ముందు ఏడాది, తర్వాత నెల, రోజు వచ్చేలా 2025-06-12 అని రాస్తే ఫోల్డరులో తేదీల వరుస తనంతట తానే కుదురుతుంది.

ఇంత పని ప్రతి మెయిల్‌కూ అవసరం లేదు. సమావేశం వాయిదా పడిందని చెప్పే మెయిల్‌కు మామూలు ప్రింట్ చాలు. మన కార్యాలయాల్లో ఫైలు మూసేటప్పుడే ఆర్.డిస్ అయితే శాశ్వతంగా, డి.డిస్ అయితే పదేళ్లు అని దాని ఆయుష్షు నిర్ణయించే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. మెయిల్ ఏ ఫైలులోకి వెళ్తోంది, ఆ ఫైలు ఎన్నాళ్లు ఉండాలి అని చూసుకుంటే, పేజీలు చాలా, లోపల అసలు కూడా పెట్టాలా అన్నది అప్పుడే తేలిపోతుంది. డబ్బు, గడువు, ఉద్యోగి సర్వీసు, భూమి, ఈ నాలుగింటిలో దేనికి సంబంధించిన మెయిల్ అయినా .eml లేకుండా ఫైలు చెయ్యవద్దు.